నూట ఎనభై ఏడో పేజీ

రేవుకు కూతవేటు దూరంలో, వన్ టౌన్ సందుల మధ్య ఉన్న ఒక బ్యాంకు శాఖలో రమణమూర్తి పందొమ్మిది వందల అరవై మూడులో గుమాస్తాగా చేరారు. శృంగవరపుకోట దగ్గర చోళ్లు, నువ్వులు పండించుకునే కుటుంబం వారిది. ఆ ఇంటి నుంచి పొలం విడిచి కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆయనే. పదేళ్లకు విదేశీ మారకం బల్ల దగ్గర ఆఫీసరయ్యారు. ఆయన గొప్పవారని ఎవరూ అనలేదు. అనవలసిన సందర్భాలు కూడా ఎక్కువ లేవు. మందకొడి మనిషి. ఒక ప్రశ్న పట్టుకుంటే జవాబు దొరికేదాకా వదలరు. ఇది సుగుణమని ఆయన నమ్మారు. ఆయన జీవితం ఆ నమ్మకాన్ని పూర్తిగా బలపరిచిందని చెప్పలేము.

ఆ ప్రశ్న ఆయనకు డెబ్భై రెండు జూన్‌లో తగిలింది. అప్పట్లో రూపాయిని పౌనుకు కట్టి ఉంచేవారు. ఆ నెలలో ఒక వారం రోజులు లండన్ నుంచి డబ్బు బయటికి పోతూనే ఉంది. పౌను రేటు నిలబెట్టడానికి ఇంగ్లండు తన నిల్వలు కుమ్మరించి, చివరకు ఇరవై మూడో తేదీన చేతులెత్తేసింది. రేటును బజారుకు వదిలేసింది. ముంబయి నుంచి వచ్చిన తంతిని రమణమూర్తి రెండుసార్లు చదివారు. అంత పెద్ద దేశం ఎందుకు నిలబెట్టుకోలేకపోయింది? దానికి కట్టిన మన రూపాయి దానితోపాటు జారుతుండగా, మన వడ్డీ రేట్లు మాత్రం ఎందుకు కదలలేదు?

జవాబు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో దొరికింది. దశాబ్దం కిందటే ఆర్థికవేత్తలు చెప్పిన మాట అది. మారకపు రేటు స్థిరంగా ఉండాలి. పెట్టుబడి సరిహద్దులు దాటి స్వేచ్ఛగా తిరగాలి. దేశం తన వడ్డీని తన అవసరాన్ని బట్టి తానే నిర్ణయించుకోవాలి. ఈ మూడింటిలో ఏ రెండైనా ఏ దేశానికైనా దక్కుతాయి. మూడూ కలిసి ఎవరికీ దక్కవు. ఇంగ్లండు మొదటిది వదులుకుంది. మన దేశం రెండోది వదులుకుంది. తలుపు వేసుకుంది గనుకనే రేటునూ వడ్డీనీ తన చేతిలో ఉంచుకోగలిగింది.

ఆ తలుపు గడియ తానేనని రమణమూర్తికి తెలిసినది ఎనభై జనవరిలో, సన్యాసిరాజు గారు బల్ల ముందుకు వచ్చిన రోజున.

సన్యాసిరాజు విదేశీ ఓడల్లో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసి, మహారాణిపేటలో ఇల్లు కట్టుకుని స్థిరపడిన మనిషి. గొంతు ఇంకా ఇంజను గదిలో ఉన్నట్టే ఉండేది.

“ఏటండీ రమణమూర్తి గారూ, నా డబ్బు నాను లండన్ పంపుకోడానికి మీ పర్మిషనేటి? అక్కడ మావోడి బ్యాంకు పదిహేను శాతం ఇస్తాంది. మీరు పదితో సరిపెట్టేత్తన్నారు.”

“మీ ఒక్కరినీ పంపనిస్తే ఏమీ కాదు రాజు గారూ. మీకిచ్చిన దారి అందరిదీ అవుతుంది. అందరూ రూపాయలు తెచ్చి పౌన్లు అడుగుతారు. చెప్పిన రేటుకే ఇవ్వాలి కదా. నిల్వలు ఎన్నాళ్లుంటాయి? అప్పుడు ఇక్కడ కూడా వడ్డీ లండన్‌తో సమానం చెయ్యాలి, లేకపోతే రూపాయిని పడిపోనివ్వాలి.”

“సెయ్యండి మరి. పదిహేను మీరూ ఇవ్వండి.”

“ఇస్తే అప్పు తీసుకునేవాడి దగ్గర పద్దెనిమిదో ఇరవయ్యో గుంజాలి. ఉక్కు ఫ్యాక్టరీకి పునాదులు తవ్వుతున్నారు, చూస్తున్నారు కదా. అది ఆ వడ్డీకి లేస్తుందా?”

సన్యాసిరాజు చేతిలోని దరఖాస్తు వైపు చూసుకున్నారు. “అయితే నా రూపాయి కట్టేసిన గేదె అన్నమాట. పాలు మాత్రం ఉక్కోళ్లకి.”

“అంతేనండి.”

“మరి మీరేటి? గుంజా?”

“గుంజకి మీమీద కోపం లేదండి,” అన్నారు రమణమూర్తి.

రాజు గారు పెద్దగా నవ్వి, దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. నవ్వింది ఆయన. బాధపడింది రమణమూర్తి. నియమం సరైనదే. దాని అవసరం కూడా ఆయనకు అర్థమైనదే. కాని తర్కం సరైనదైనంత మాత్రాన, ఆ తర్కానికి చెయ్యిగా ఉన్నవాడికి అది తేలిక కాదు. ఆ బల్ల వెనక ఇంకా పద్దెనిమిదేళ్లు కూర్చోవాలి. అది తలచుకున్నప్పుడల్లా ఆయన తన పరిశోధన కాగితాల వైపు చూసుకునేవారు.

డెబ్భై ఆరులోనే ఆయన పార్ట్‌టైమ్ పరిశోధనకు పేరు నమోదు చేసుకున్నారు. విషయం, మూడూ కలిసి దక్కవన్న ఈ అసాధ్య త్రయమే. ఇంగ్లండు, మన దేశం, తరువాత చేరిన చిలీ ఉదాహరణలు. గడువు ఆరేళ్లు. ఆఖరి తేదీ ఎనభై రెండు జూన్ ముప్పై. విశ్వవిద్యాలయం వారి కరస్పాండెన్స్ కోర్సుల విభాగంలో ఒక లెక్చరర్ ఉద్యోగం ఉంది. అనుభవం ఉన్నవారికి వయసు సడలింపు ఇస్తారట. కాని ఆ తేదీలోగా డాక్టరేటు చేతిలో ఉండాలి. నలభై మూడేళ్ల మనిషికి మరో అవకాశం రాదు.

మూడో దేశం చిలీ ఎందుకంటే, తలుపు తెరిచి రేటు బిగించిన దేశం అదే. డెబ్భై తొమ్మిది జూన్‌లో డాలరుకు ముప్పై తొమ్మిది పెసోలని వారు ప్రకటించారు. పెట్టుబడి మీద ఆంక్షలు ఒక్కొక్కటిగా సడలించారు. బడ్జెట్లో మిగులు చూపించారు. ధరల పెరుగుదల తగ్గింది. డబ్బు వెల్లువలా వచ్చిపడింది. ప్రపంచమంతా మెచ్చుకుంటోంది.

చిక్కల్లా అంకెల దగ్గరే వచ్చేది. అంతర్జాతీయ గణాంకాల సంచికలు గ్రంథాలయానికి ఓడ మీద నాలుగు నెలలకు చేరేవి. ఈ లోటును తీర్చినవాడు జాలరిపేట ఎల్లాజీ. సముద్రం మీద వేట కలిసిరాని రోజుల్లో అతడు రేవులో లంగరేసిన ఓడలకు కూరగాయలు, చేపలు పడవలో అందించేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఓడవాళ్లు పారేసే పాత పత్రికలను మూటకట్టి పూర్ణా మార్కెట్లో పొట్లాలకు అమ్మేవాడు. రమణమూర్తి ఒకసారి వంజరం చేప కొంటే, దాన్ని చుట్టిన లండన్ ఆర్థిక పత్రికలో చిలీ బ్యాంకు వడ్డీల పట్టిక కనిపించింది. చేపను భార్య గౌరీశ్వరి చేతిలో పెట్టి, కాగితాన్ని ఎండలో ఆరబెట్టారు. అప్పటినుంచి ఎల్లాజీ ఆదివారం ఉదయం మూటను ముందు ఆయనింటికే తెచ్చేవాడు.

“ఏటి బాబూ, సేపలు సుట్టుకునే కాయితాలకి ఇంత మర్యాద సేత్తన్నారు? మా సీతాలు కాలేజీ పుస్తకాలకి కూడా ఇంత అట్టలెయ్యదు.”

“నీ కూతురు ఏం చదువుతోంది?”

“పది ఒకసారి తప్పింది, ఇంటరయింది, ఇప్పుడు బీయేలో ఉంది. దాని లెక్కలు సూత్తే నాకే బయమేత్తాది.” అతడు పత్రికలోని గీతల బొమ్మను వేలితో తాకాడు. “ఇదేటి, కెరటమా?”

“ఒక దేశంలోకి వచ్చే డబ్బు. చూడు, పైకి లేస్తోంది. వచ్చే డబ్బు వల్ల అక్కడ వడ్డీ తగ్గింది. మా బ్యాంకే తగ్గించిందని వాళ్లు సంబరపడుతున్నారు.”

ఎల్లాజీ నవ్వాడు. “ఎందుకు సంబరపడరు? పోటు మీద కాలవలోకి వచ్చినోడు, తెడ్డేసింది నానే అనుకుంటాడు. పాటు తీసినప్పుడు గదా బాబూ, తెడ్డు ఉందో లేదో తెలిసేది.”

రమణమూర్తి అప్పటికి ఎనిమిది నెలలుగా వెతుకుతున్న మాట అదే. ఆ వారమే సిద్ధాంత గ్రంథంలో నూట ఎనభై ఏడో పేజీ రాశారు. రాసింది ఇంగ్లీషులో. దాని సారం ఇది. చిలీ తన మూడో స్వాతంత్ర్యాన్ని, అంటే వడ్డీని తానే నిర్ణయించుకోవడాన్ని, ఇప్పటికే వదులుకుంది. వదులుకున్న సంగతి వారికి తెలియకపోవడానికి కారణం, వెల్లువ వారికి అనుకూలంగా ఉండటం. వడ్డీ తగ్గింది కేంద్ర బ్యాంకు నిర్ణయం వల్ల కాదు, వచ్చిపడిన విదేశీ అప్పు వల్ల. ఆ ప్రవాహం ఆగిననాడు వడ్డీ దానంతట అదే పెరుగుతుంది. దాన్ని దించే చెయ్యి ఆ దేశానికి ఉండదు. అప్పుడు నిరుద్యోగాన్నీ దివాళానూ సహించాలి. సహించలేకపోతే రేటును వదలాలి.

ఆయన జీవితంలో రాసిన వేల వాక్యాల్లో నిజంగా ఆయనవి అని చెప్పదగ్గవి ఈ కొన్నే. చిలీ రేటు ఎప్పుడు పడుతుందో ఆయన చెప్పలేదు. పడి తీరుతుందనీ అనలేదు. ఏ రెండు మార్గాలు మిగులుతాయో మాత్రం చెప్పారు. ఈ తేడాను తరువాత ఎవరూ పట్టించుకోలేదు.

ఎనభై ఒకటి సెప్టెంబరులో గ్రంథం పరీక్షకులకు వెళ్లింది. మరుసటి జనవరిలో నివేదికలు వచ్చాయి. ఇద్దరు ఆమోదించారు. ఉత్తరాది నుంచి మూడో పరీక్షకుడు ఒకే ఒక అభ్యంతరం రాశారు. చిలీ నిల్వలు రెండేళ్లు పెరిగాయి, వడ్డీలు తగ్గాయి, రేటు చెక్కుచెదరలేదు. మిగులు బడ్జెట్ ఉన్న దేశం మూడింటినీ కలిపి నిలుపుకోగలదని దీనివల్ల తెలుస్తున్నది. అభ్యర్థి నూట ఎనభై ఏడో పేజీలో వాస్తవాన్ని విడిచి జోస్యం చెప్పాడు. ఆ పేజీని సవరించి తిరిగి సమర్పించవలెను.

ఆ పరీక్షకుడి చేతిలో ఉన్న అంకెలు కూడా ఓడ మీద ఆలస్యంగా వచ్చినవే. అప్పటికే చిలీలో నాలుగు బ్యాంకులను ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుందని ఎల్లాజీ మూటలోని ఒక పత్రికలో ఉంది. దాని మీద పసుపు మరక ఉంది, తేదీ ఉన్న మూల చిరిగిపోయింది.

పరిశోధనకు మార్గదర్శకులైన ఆచార్య గురునాథరావు గారు ఆ నివేదికను రమణమూర్తి ముందు పెట్టి కళ్లజోడు తీశారు. మంచివారు, ఎవరినీ నొప్పించరు. అందువల్ల ఎవరికీ పూర్తిగా ఉపయోగపడలేదు.

“నీ మాటే ఒప్పని నాకు తెలుసు మూర్తీ.”

“మరి ఆయనకు రాయండి సార్.”

“రాస్తే ఆయన జవాబు ఎప్పుడిస్తాడు? పోయినసారి నివేదికకే నాలుగు నెలలు పట్టింది. జూన్ ముప్పై ఎక్కడికీ పోదు. ఒక్క పేజీ. మూడు వందల పేజీల్లో ఒక్క పేజీ.”

“ఆ పేజీ కోసమే మిగతావన్నీ రాశాను సార్.”

గురునాథరావు గారు కిటికీలోంచి సముద్రం వైపు చూశారు. “నాకు తెలుసు. అందుకే నేను మారుస్తానని అనలేకపోతున్నాను. నువ్వే మార్చాలి.”

రమణమూర్తి వారం రోజులు మార్చలేదు.  అన్నం వడ్డిస్తూ ఒక రోజు గౌరీశ్వరి అంది: “పేజీ ఉంచితే ఉద్యోగం పోద్ది, మార్చితే పేజీ పోద్ది. రెండూ ఉండే దారి ఉంటే మీకే ముందు తెలిసీది. లేదు గదా. తినండి.”

పూర్ణా మార్కెట్ వెనక టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే జగ్గయ్య ఆ నగరంలో సగం సిద్ధాంత గ్రంథాలకు చేతిరాత లాంటివాడు. అతడికి ఇంగ్లీషు అర్థమయ్యేది తక్కువ. పేజీ అమరిక మాత్రం కంటితోనే తెలిసేది. సవరణలకు అక్కడ ఒక పద్ధతి ఉంది. మార్చిన పేజీ పాత పేజీ ఎక్కడ మొదలయిందో అక్కడే మొదలై, ఎక్కడ ముగిసిందో అక్కడే ముగియాలి. ఇరవై ఆరు లైన్లు. ఒక్క లైను పెరిగినా ఆ తరువాతి నూట ఇరవై పేజీలూ, ఐదు ప్రతులూ మళ్లీ కొట్టాలి.

“ఇరవయ్యారు లైన్లు దాటకండి సార్,” అన్నాడు జగ్గయ్య. “పొట్టిదైనా పరవాలేదనుకోకండి. తక్కువైనా తెలిసిపోద్ది. అడుగున తెల్లగా ఉంటే పరీక్ష సేసేవోళ్లు మొదట అక్కడే సూత్తారు.”

రమణమూర్తి ఎదురుగా బల్ల మీద కూర్చుని రాశారు. ఒక వాదానికి సరిగ్గా విరుద్ధమైన వాదాన్ని అంతే నిడివిలో రాయడం ఎంత తేలికో ఆయనకు ఆ రోజు తెలిసింది. మిగులు బడ్జెట్ అనే ఒక్క మాట చేరిస్తే చాలు, మిగిలిన వాక్యాలన్నీ తలలు ఊపుకుంటూ దాని వెనక నడిచాయి. ‘చిలీ ఒక మినహాయింపు. క్రమశిక్షణ గల ప్రభుత్వం మూడింటినీ ఏకకాలంలో నిలుపుకోగలదని ఆ అనుభవం చూపుతున్నది.’ ఇరవై ఆరు లైన్లు. ఆఖరి లైను నూట ఎనభై ఎనిమిదో పేజీ మొదటి మాటకు అతికింది.

ఆయన అతుకును మాత్రమే చూసుకున్నారు. నూట ఎనభై ఎనిమిదో పేజీ లోపల ఏముందో తిరిగి చదవలేదు.

పాత పేజీని జగ్గయ్య చింపబోతే ఆపి, తీసుకుని జేబులో పెట్టుకున్నారు. కొత్త రిబ్బను వేయడంతో కొత్త పేజీ మిగతా వాటికన్నా నల్లగా ఉంది. “ఏడాదిలో ఎలిసిపోద్ది లెండి,” అన్నాడు జగ్గయ్య.

మౌఖిక పరీక్ష జూన్ పద్దెనిమిదో తేదీకి నిర్ణయమయింది. జూన్ పదిహేను, మంగళవారం ఉదయం. గౌరీశ్వరి వాకిలి చిమ్ముతోంది. రమణమూర్తి షార్ట్‌వేవ్ రేడియోలో లండన్ వార్తలు వింటూ గడ్డం గీసుకుంటున్నారు. రెండు రోజుల కిందట ఫ్రాన్సు తన ఫ్రాంకు విలువ తగ్గించిందన్నది పాత వార్త. సొంత దారిలో వడ్డీ తగ్గించి ఉద్యోగాలు పెంచుకుంటాననీ, జర్మనీ మార్కుతో కట్టిన రేటునూ వదలననీ అన్న దేశం అది. దాని తరువాత చిన్న వార్త. చిలీ పెసో విలువను తగ్గించారు. డాలరుకు ముప్పై తొమ్మిది బదులు నలభై ఆరు.

గడ్డం సగంలో ఉంది. ఆయన కత్తి కడిగి పెట్టి కూర్చున్నారు.

“ఏటయింది?” అంది గౌరీశ్వరి, చీపురు చేత్తోనే.

“నేను అన్నదే అయింది.”

“మంచిదే గదా?”

“అన్నది ఇప్పుడు పుస్తకంలో లేదు.”

ఏడాదిగా చిలీలోకి వచ్చే అప్పు తగ్గుతూ వచ్చింది. ధరల పెరుగుదలను తీసేసి చూసినా వడ్డీ ముప్పై శాతానికి పైగా పోయింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. దించే చెయ్యి లేకపోయింది. చివరకు రేటు వదిలారు. ఆయన రాసిన రెండు మార్గాల్లో మొదటిదానిలో ఏడాది నడిచి రెండోదానికి వచ్చారు. ఎక్కడో పదివేల మైళ్ల దూరంలో ఎన్ని కుటుంబాలు వీధిన పడ్డాయో తెలియదు. వారి దురదృష్టం తన వాక్యాన్ని నిజం చేసిందని సంతోషించే మనిషి కారు రమణమూర్తి. కాని సంతోషించే హక్కు కూడా తనకు మిగల్లేదన్న ఆలోచన ఆయనను వదల్లేదు.

పద్దెనిమిదో తేదీ శుక్రవారం పరీక్ష గంటసేపు సాఫీగా జరిగింది. వచ్చింది ఆ మూడో పరీక్షకుడే. తెల్లటి ఖద్దరులో, మృదువుగా మాట్లాడే మనిషి. చివరగా తృప్తిగా అడిగారు: “చిలీ అనుభవం అసాధ్య త్రయానికి మినహాయింపని ఇప్పుడు మీరు అంగీకరిస్తున్నారు కదా?”

గురునాథరావు గారు బల్ల కింద కాలితో రమణమూర్తి పాదాన్ని తాకారు.

“లేదండి,” అన్నారు రమణమూర్తి. “సోమవారం నాడు వారు పెసో విలువ తగ్గించారు.”

 ఆ వార్త అక్కడ ఎవరికీ తెలియదు.

“ఎక్కడ చదివారు?”

“రేడియోలో విన్నానండి.”

పరీక్షకుడు గ్రంథం మొదటి పేజీలు తిప్పారు. ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే రమణమూర్తికి కొంత మేలు జరిగేది. “మీ పరిశోధన కాలపరిమితి ఆగస్టు పందొమ్మిది వందల డెబ్భై ఒకటి నుంచి జూన్ ఎనభై ఒకటి వరకు అని మీరే రాసుకున్నారు. ఆ తరువాత జరిగినది ఈ గ్రంథం పరిధిలోకి రాదు. ఆ పరిధిలో మీ నూట ఎనభై ఏడో పేజీ సరిగ్గానే ఉంది.”

“సరిగ్గా లేదండి. ఆ పరిధిలో కూడా లేదు. వడ్డీని దించింది వారి చెయ్యి కాదు…”

“మూర్తీ,” అన్నారు గురునాథరావు గారు. ఆ ఒక్క పిలుపులో బతిమాలడం ఉంది, భయం ఉంది. ఆరేళ్ల చనువు కూడా ఉంది.

రమణమూర్తి ఆగారు. అక్కడ ఆగకపోతే ఏమయ్యేదో ఆయన తరువాత చాలాసార్లు ఆలోచించారు. బహుశా ఏమీ అయ్యేది కాదు. పరీక్షకుడు అప్పటికే సంతకానికి కలం తీశారు. అభ్యర్థి తన గ్రంథాన్ని తానే కాదంటున్నా డాక్టరేటు ఇవ్వవలసినదిగా ముగ్గురు పరీక్షకులూ ఏకగ్రీవంగా సిఫారసు చేశారు.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే గౌరీశ్వరి బుగ్గలు నొక్కుకుంది. “ముందు సెబితే జోస్యమట, తరవాత సెబితే పరిధి దాటిందట. మరి ఎప్పుడు సెప్పాలటండీ?”

మరుసటి నెలలో రమణమూర్తి తప్పొప్పుల పట్టిక ఒకటి చేర్చడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నారు. ఆమోదం పొందిన గ్రంథంలో అక్షరదోషాలు తప్ప మరే మార్పూ చేయరాదని జవాబు వచ్చింది. నియమం సరైనదే. ప్రతివాడూ పట్టా పుచ్చుకున్నాక గ్రంథం మారుస్తానంటే గ్రంథాలయాలు ఉండవు. రాజు గారికి తాను బల్ల వెనక నుంచి చెప్పిన జవాబు లాంటిదే ఇప్పుడు బల్ల ముందు నిలబడి చదువుకున్నారు.

ఉద్యోగం వచ్చింది. బ్యాంకు బల్ల వదిలి కరస్పాండెన్స్ కోర్సుల పాఠాలు రాసే గదిలోకి మారారు. పిల్లలకు చిలీ పాఠాన్ని పాత పేజీ ప్రకారమే చెప్పేవారు. ఎనభై మూడులో హాంకాంగు తన డాలరును అమెరికా డాలరుకు ఏడు ఎనభై లెక్కన కట్టినప్పుడు, ఇక మీదట వారి వడ్డీ అమెరికాలోనే నిర్ణయమవుతుందనీ, ఆ సంగతి తెలిసి చేస్తున్నారు గనుక వారు నిలబడవచ్చనీ చెప్పారు. సరిగ్గానే చెప్పారు. అది విన్నది నలభై మంది. గ్రంథాలయంలో బంగారు అక్షరాల అట్ట వెనక ఉన్నది మరొకటి.

ఎనభై ఆరు వేసవి ముందు ఒక మధ్యాహ్నం, ఎం.ఫిల్. చేస్తున్న ఒక అమ్మాయి ఆయన గదికి వచ్చింది. “సార్, నాను సీతాలునండి. ఎల్లాజీ కూతుర్ని.”

జాలరిపేట నుంచి ఎం.ఏ. దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. చేతిలో ఆయన గ్రంథం ఉంది.

“మా నాన్న తెచ్చిన పేపర్లతోనే ఇది రాసినారంట గదండీ. ఇంట్లో అస్తమానూ సెప్తాడు, సగం పుస్తకం నాదే అని.” కాస్త సిగ్గుపడి, తరువాత పుస్తకం తెరిచింది. “ఒకటి అర్థం కాలేదండి. నూట ఎనభై ఎనిమిదిలో ‘పైన చెప్పిన, వడ్డీని దించే చెయ్యి లేని ఈ స్థితిలో’ అని మొదటి పేరాలోనే ఉంది. పైన సూస్తే ఏ చెయ్యీ లేదు. పైన అంతా బాగున్నట్టే ఉంది. రెండూ ఒకే మనిషి రాసినట్టు లేదండి.”

నాలుగేళ్లలో ఆ రెండు పేజీలనూ వరుసగా చదివిన మొదటి మనిషి ఆమె. ముగ్గురు పరీక్షకులు చూడలేదు. మార్గదర్శకులు చూడలేదు. రాసినవాడు చూడలేదు.

రమణమూర్తి బీరువా తెరిచి, పాత పేజీ తీసి ఆమెకు ఇచ్చారు. ఆమె నిలబడే చదివింది. 

“ఇది మా నాన్న మాటండీ. పోటు, పాటు.”

“అవును.”

“మరి దీన్నే ఉదహరిస్తానండి.”

“దేన్ని? అట్టలో లేని కాగితాన్నా? ఎవరు ఆమోదించారు, ఏ తేదీ అని అడుగుతారు. నీ గ్రంథం కూడా తిరిగొస్తుంది.”

“అయితే వదిలెయ్యనా?”

“వదిలేస్తే నువ్వు పాత పుస్తకాలు చదవలేదంటారు.”  ఇతర మార్గాలన్నీ ఆయన ఇదివరకే వెతికి ఉన్నారు. “బైండు చేసిన పేజీనే ఉదహరించు. ఉదహరించి, తప్పని రాయి. ఎందుకు తప్పో అంకెలతో రాయి. ఇప్పుడు నీకు ఎనభై రెండు దాకా అంకెలున్నాయి, నీ పరిధిలోకి వస్తుంది.”

“మిమ్మల్నా సార్? మీరు తప్పని నానెలా రాస్తానండి? మీకు ముందే తెలుసు గదా.”

“తెలుసన్నది ఆధారం కాదమ్మా.”

ఆమె కళ్లు తుడుచుకుందో, ఎండ వల్ల నలుపుకుందో ఆయన పరిశీలించలేదు. పాత పేజీని తిరిగి ఇచ్చేసింది. మడతల్లో అది అప్పటికే చిరుగుతోంది.

పదిహేను రోజుల తరువాత జగ్గయ్య కబురు పంపాడు. రమణమూర్తి వెళ్లేసరికి ఇన్‌స్టిట్యూట్‌లో మధ్యాహ్నపు తరగతి ఖాళీగా ఉంది. మిషనులో సగం కొట్టిన కాగితం ఉంది. పక్కనే సీతాలు చేతిరాత ప్రతి.

“ఇది సూడండి సార్. మీ పేరు కనబడి ఆపేసినాను. నాకు ఇంగ్లీషు అంతరాదు గానీ, ఈ మాట వచ్చు.” వేలు పెట్టి చూపించాడు. ‘చిలీ విషయంలో రమణమూర్తి పొరబడ్డారు.’ “పాత పేజీ నా చేత్తోనే కొట్టించినారు. మార్చిన పేజీ నా చేత్తోనే కొట్టించినారు. ఇప్పుడిది కూడానా? ఎల్లాజీ కూతురికి ఇది తగునా? రమ్మని పిలిచి నాలుగు మాటలు అంటాను.”

“అనకు. నేనే రాయమన్నాను.”

“ఎందుకు సార్?”

రమణమూర్తి ఆ పేజీని చివరిదాకా చదివారు. అంకెలు సరిపోయాయి. కారణం సరిగ్గా ఉంది. తన పాత పేజీకన్నా ఒకచోట స్పష్టంగా కూడా ఉంది. ప్రవాహం ఆగిన నెలను ఆమె పట్టుకుంది, తాను పట్టుకోలేదు. ‘దించే చెయ్యి’ అన్న మాటను మాత్రం ఆమె నూట ఎనభై ఎనిమిదో పేజీ నుంచి తీసుకుని, పేజీ అడుగున అధోజ్ఞాపికలో ఆయన పేరు పెట్టింది. ఆమె చేయగలిగిన మర్యాద అంతే. అది ఎవరి కంటా పడదు.

“ఒప్పుగానే రాసింది జగ్గయ్యా. కొట్టు.”

జగ్గయ్య ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, మిషను వైపు తిరిగాడు. రమణమూర్తి బల్ల మీద కూర్చున్నారు, కొట్టడం పూర్తయ్యాక తప్పులు సరిచూసి ఇవ్వడానికి.